పెళ్లికి రెండు రోజుల ముందు సాయంత్రం

2024 ఏప్రిల్ ఆఖరి వారం దాటాక తెలుగునాట పెళ్లి బాజాలు ఉన్నట్టుండి ఆగిపోయాయి. గురు మౌఢ్యం, శుక్ర మౌఢ్యం రెండూ ఒకేసారి వచ్చిపడ్డాయి. అవి వదిలేసరికి జులై వచ్చింది, ఆ వెంటే ఆషాఢం. మళ్లీ ముహూర్తాలు మొదలయ్యేది ఆగస్టులో, శ్రావణం వచ్చాకే. మామూలుగా పెళ్లిళ్లతో కిటకిటలాడే మే నెల మొత్తం ఫంక్షన్ హాళ్లకు తాళాలే. పూలు కట్టేవాళ్లు, వడ్డనకు వెళ్లే కుర్రాళ్లు, మెహందీ పెట్టే ఆడపిల్లలు మూడు నెలలకు పైగా చేతులు ముడుచుకుని కూర్చున్నారు. శ్రావణం రాగానే అదే మనుషులకు ఊపిరాడలేదు. కాదన్న పెళ్లిళ్లే ఎక్కువ.

పెళ్లిళ్ల మీద బతికే పని ఏదైనా ఇంతే. నెల జీతం లెక్క దీనికి పనికిరాదు, పంచాంగం లెక్కే పనికొస్తుంది. 2026లోనూ మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం ఉంది. శుభకార్యాలకు అది పనికిరాదంటారు కాబట్టి వేసవి సీజన్ మధ్యలో నెల రోజులు గండి పడినట్టే. ఉగాదికి కొత్త పంచాంగం చేతికొచ్చిన రోజే ఈ ఖాళీలూ, ఆ రద్దీలూ అన్నీ తెలిసిపోతాయి. తెలిసినా చాలామంది ఫోన్ మోగేదాకా ఆగుతారు. సంపాదనలో తేడా మొదలయ్యేది అక్కడే.

ఇంటి దగ్గర ఉండే అమ్మాయిలకు, చదువుకునేవాళ్లకు, చేతిలో పెద్దగా డబ్బు లేనివాళ్లకు పెళ్లిళ్లలో దొరికే పనులు ప్రధానంగా మూడు. వడ్డనకు పెట్టుబడి అక్కర్లేదు, కూలీ ఆ రాత్రే చేతికొస్తుంది. కానీ పిలుపు రావాల్సింది క్యాటరింగ్ మేస్త్రీ నుంచి. రేటు ఆయన చెప్పిందే, పేరు కూడా ఆయనదే. డెకరేషన్‌లో కనిపించే డబ్బు పెద్దది, ముందు పెట్టాల్సింది ఇంకా పెద్దది. స్టాండ్లు, బట్టలు, లైట్లు, బండి, రాత్రంతా పనిచేసే మనుషులు అన్నీ చూసుకోవాలి. పైగా మంచి ముహూర్తం రోజున కడియపులంకలోనో హైదరాబాద్ గుడిమల్కాపూర్‌లోనో పూల ధర విన్నాక, నెల కిందట ఒప్పుకున్న రేటు గుర్తొచ్చి గుండె గుభేలుమంటుంది. మెహందీ ఈ రెంటికీ భిన్నమైన పని. పెట్టుబడి వందల్లో ఉంటుంది, పేరు పెట్టినవాళ్లకే వస్తుంది, పిలిచేది నేరుగా పెళ్లివారే. చిక్కల్లా దీనికో హద్దు ఉండటమే. ఒక మనిషి ఒక సాయంత్రం ఒక పెళ్లికూతురికే పెట్టగలదు.

ఈ హద్దును అర్థం చేసుకున్నవాళ్లు డిజైన్ కంటే ముందు సాయంత్రాన్ని లెక్కపెట్టుకుంటారు. సీజన్ మొత్తంలో అమ్ముకోవడానికి ఉన్న సరుకు అదే. అది ఏ సాయంత్రమో తేల్చేది గోరింటాకు గుణం.

గోరింటాకులో లాసోన్ అనే రంగు పదార్థం ఉంటుంది. అది చర్మం పై పొరలోని ప్రోటీన్‌ను పట్టుకుని నిలుస్తుంది. ఎండిన ముద్ద రాల్చేయగానే చెయ్యి నారింజ రంగులో ఉంటుంది. అది చూసి “ఏంటమ్మా, పండలేదే” అని పెళ్లికూతురి తల్లి మొహం చిన్నబుచ్చుకోవడం మామూలే. గాలి తగిలేకొద్దీ రంగు ముదురుతూ 24 నుంచి 48 గంటల మధ్య నిండైన ముదురు ఎరుపుకు వస్తుంది. కాబట్టి ముహూర్తానికి రెండు రోజుల ముందు సాయంత్రం పెడితే తలంబ్రాల వేళకు చెయ్యి అసలైన రంగులో ఉంటుంది. ముందు రోజు రాత్రి పెడితే ఫొటోల్లో నారింజే పడుతుంది. ఐదు రోజుల ముందు పెడితే రంగు అంచుల్లో వెలవెలబోవడం మొదలవుతుంది.

ఇక్కడే తెలుగు పెళ్లిళ్లలో ఒక తిరకాసు ఉంది. మన ముహూర్తాలు చాలావరకు రాత్రివి. శుభలేఖలో “బుధవారం రాత్రి 2.15 గంటలకు (తెల్లవారితే గురువారం)” అని వేస్తారు. ఫోన్‌లో మాట్లాడే మేనమామ “గురువారం పెళ్లమ్మా” అంటాడు, వదిన “బుధవారం” అంటుంది. ఇద్దరిదీ తప్పు కాదు. తేదీ ఒక్కటే రాసుకున్న మెహందీ అమ్మాయి మాత్రం మంగళవారం పెట్టాలో, సోమవారం పెట్టాలో తెలియక ఇరుక్కుంటుంది, ఒక్కోసారి ఇంకొకరికి ఇచ్చిన సాయంత్రం మీద పడుతుంది. అనుభవమున్నవాళ్లు తేదీ అడగరు. శుభలేఖ ఫొటో పంపమంటారు. అప్పటికి శుభలేఖ అచ్చు కాకపోతే, పంతులుగారు రాసిచ్చిన లగ్నపత్రిక ఫొటో అడుగుతారు. ముహూర్తం గంట చూసుకుని, అక్కడినుంచి వెనక్కి లెక్కపెట్టి సాయంత్రం ఖాయం చేస్తారు.

శుభలేఖతో పాటు అడగాల్సిన ప్రశ్న ఇంకోటుంది, నలుగు ఎప్పుడని. మెహందీ పెట్టి ఎర్రగా పండిన చేతులను మర్నాడు పెళ్లికూతుర్ని చేసేటప్పుడు సున్నిపిండితో నలుగుపెట్టి రుద్దితే, రంగు పట్టిన పై పొరే రాలిపోతుంది. అంత కష్టమూ సున్నిపిండిలో కలిసిపోతుంది. నలుగు తరువాతే మెహందీ పెట్టడం అన్నిటికన్నా మంచిది. వీలుకాకపోతే నలుగుకు ముందు అరచేతులకూ ముంజేతులకూ బాగా కొబ్బరి నూనె పట్టించి, సున్నిపిండి భుజాల దగ్గర ఆపేయమని ముత్తయిదువులకు చెప్పాలి. వ్యాక్సింగ్, మానిక్యూర్ కూడా మెహందీకి ముందే అయిపోవాలి. ఈ మాటలు సాయంత్రం వెళ్లాక చెప్తే ఎవరూ వినరు. బుకింగ్ రోజే చెప్తే, “ఈ అమ్మాయికి పని తెలుసు” అనే నమ్మకం కుదురుతుంది. రేటు బేరం కూడా కొంచెం తగ్గుతుంది.

కోన్ సంగతికి వద్దాం. బజారులో దొరికే కోన్‌లో ఏముందో పెట్టేవాళ్లకు తెలియదు, పెట్టించుకునేవాళ్లకూ తెలియదు. పది నిమిషాల్లో నల్లగా పండుతుందని అమ్మే వాటితో అసలు ప్రమాదం. గోరింటాకు పది నిమిషాల్లో పండదు, నల్లగా అసలే పండదు. అలా పండిందంటే అందులో రసాయనం ఉందనే అర్థం. నల్ల మెహందీలో తరచుగా వాడేది జుట్టు రంగుల్లో ఉండే పీపీడీ. అది పడనివాళ్లకు డిజైన్ గీతల మీదే దద్దుర్లు లేచి, బొబ్బలెక్కి, మచ్చలు మిగులుతాయి. ఒకసారి పడకపోతే తరువాత జన్మలో జుట్టుకు రంగు వేసుకున్నా ఇబ్బందే. అరచేతి నిండా బొబ్బలతో పెళ్లిపీటల మీద కూర్చున్న అమ్మాయి ఫొటో ఊరంతా తిరిగితే, ఆ సీజన్‌లో మరో ఫోన్ రాదు.

అందుకే పెళ్లి మెహందీ పెట్టేవాళ్లలో చాలామంది కోన్లు ఇంట్లోనే చుట్టుకుంటారు. ఆకు పొడి ఎక్కువగా రాజస్థాన్‌లోని పాలీ జిల్లా సోజత్ నుంచి వస్తుంది. సోజత్ మెహందీకి 2021లో భౌగోళిక గుర్తింపు దక్కింది. జుట్టుకు వాడే పొడి గరుకుగా ఉండి కోన్ మూతి దగ్గర అడ్డుపడుతుంది. చేతులకు పెట్టేది పౌడర్‌లా మెత్తగా, వస్త్రకాయితం పట్టినట్టు ఉండాలి. వంద గ్రాముల పొడికి ముప్పై గ్రాముల పంచదార, ముప్పై మిల్లీలీటర్ల నీలగిరి తైలమో లావెండర్ తైలమో, పావు లీటరుకు కాస్త ఎక్కువగా నీళ్లు పడతాయి. నీళ్లు ఒకేసారి పొయ్యకూడదు. ముందు గట్టిగా కలిపి మూతపెట్టి, రంగు దిగాక చిక్కదనం సరిచూసుకోవాలి. గరిటెతో ఎత్తితే తెగకుండా సన్నటి తీగలా జారాలి. ముద్దలు ముద్దలుగా పడితే నీళ్లు చాల్లేదు, నీళ్లలా కారితే గీత చర్మం మీద పాకుతుంది. పంచదార ముద్దను త్వరగా ఎండి రాలిపోకుండా పట్టి ఉంచుతుంది. తైలం రంగును ముదురు చేస్తుంది. చిన్నపిల్లలకు, సీమంతాల్లో గర్భిణులకు పెట్టేటప్పుడు నీలగిరి తైలం కలపకపోవడమే మేలు. పసిబిడ్డల చేతులకు మెహందీ పెట్టనే పెట్టకూడదు. కొందరు పిల్లల్లో పుట్టుకతో ఉండే ఒక ఎంజైమ్ లోపానికి గోరింటాకు తోడైతే రక్తకణాలు చితికిపోతాయి.

రంగు దిగిందో లేదో తెలుసుకోవడం తేలిక. చిటికెడు ముద్ద అరచేతిలో ఐదు నిమిషాలు ఉంచి తుడిస్తే నారింజ మచ్చ కనిపించాలి. మే నెల వేడికి ఇది ఐదారు గంటల పని. మార్గశిరం చలిలో రాత్రంతా పట్టొచ్చు. దిగిన ముద్దను బయట ఉంచితే రోజు తిరిగేసరికి బలం తగ్గుతూ వస్తుంది. కోన్లు చుట్టి డీప్ ఫ్రీజర్‌లో పెడితే నెలల తరబడి చెడవు. పెళ్లింటికి ఐస్ బాక్సులో పట్టుకెళ్లి అక్కడ తీసి వాడుకోవచ్చు. పైన చెప్పిన కొలతకు కోన్‌కు 25 గ్రాముల చొప్పున పదహారు దాకా వస్తాయి. ఇలా ముందే ఫ్రీజర్ నింపుకునేవాళ్లే వరసగా మూడు రోజులు ముహూర్తాలున్నా తట్టుకోగలరు.

డబ్బు లెక్క చూద్దాం. రేట్లు ఊరూరికీ, చేతి చేతికీ మారతాయి కాబట్టి ఇవి ఊహించి వేసినవే. ఒక జిల్లా కేంద్రంలో పెళ్లి. పెళ్లికూతురికి రెండు చేతులకూ మోచేతుల దాకా రెండు వైపులా, పాదాలకు చీలమండల దాకా పెడితే ఆరు వేలు. బంధువుల్లో పాతికమందికి రెండు అరచేతుల్లో సాదా డిజైన్, మనిషికి రెండు వందల చొప్పున ఐదు వేలు. మొత్తం పదకొండు వేలు. తోడు తీసుకెళ్లిన ఇద్దరమ్మాయిలకు పన్నెండు వందల చొప్పున రెండు వేల నాలుగు వందలు. పెళ్లికూతురికి ఐదు కోన్లు, ఇద్దరు బంధువులకు ఒకటి చొప్పున పదమూడు, చేతిలో ఉండటానికి మరో నాలుగు, మొత్తం ఇరవై రెండు కోన్లకు నాలుగు వందలు. రాత్రి తిరుగు ప్రయాణంతో కలిపి బండికి ఎనిమిది వందలు. చేతిలో మిగిలేది ఏడు వేల నాలుగు వందలు. మధ్యాహ్నం మూడింటికి మొదలై రాత్రి పదకొండు దాటే పని, ముందు రోజు కోన్లు చుట్టిన శ్రమ అదనం.

ఇప్పుడు అదే పెళ్లిని ఇంకోలా ఒప్పుకుందాం. పెళ్లికూతురి పిన్ని ఫోన్ చేసింది.

“మా వాళ్లందరికీ కలిపి చెప్పమ్మా, విడివిడిగా లెక్కలెందుకు?”

“ఎంతమంది ఉంటారు పిన్నిగారూ?”

“ఎంత, ఓ పాతికమంది.”

అమ్మాయి మొహమాటపడి అంతా కలిపి తొమ్మిది వేలంది. సాయంత్రం వెళ్లేసరికి పక్కింటి వాళ్లు, పెళ్లికొడుకు తరఫున సారె తెచ్చినవాళ్లు, స్కూలు పిల్లలు అందరూ కలిసి నలభై ఐదుగురు. “పాపకు చిన్న పువ్వు వెయ్యమ్మా, ఎంతసేపు” అనేమాట ఇరవై సార్లు వినిపిస్తుంది. ఒక్కొక్కరికి పన్నెండు నిమిషాలనుకుంటే పాతికమందిని ఇద్దరు సహాయకులు రెండున్నర గంటల్లో ముగించేవారు. నలభై ఐదుగురికి నాలుగున్నర గంటలు పట్టింది. కోన్లు పది ఎక్కువయ్యాయి, అర్ధరాత్రి దాటాక సహాయకులకు మరో మూడేసి వందలు ఇవ్వక తప్పలేదు. మిగిలింది నాలుగు వేల ఆరు వందలు. పైగా మర్నాడు పొద్దున ఇంకో ఊరు వెళ్లాల్సిన మనిషి నిద్రలేక చెయ్యి వణికి, అక్కడి గీతలు పాడుచేసుకుంది.

బంధువుల మెహందీని తలకింత అనో, గంటకింత అనో విడిగా చెప్పాలని పని తెలిసినవాళ్లు పట్టుబట్టేది ఇందుకే. గంట లెక్క పెళ్లివారికీ నచ్చుతుంది. “ఇద్దరు అమ్మాయిలు మూడు గంటలు కూర్చుంటారు, ఆ మూడు గంటల్లో ఎంతమందికి వీలైతే అంతమందికి” అంటే, వరసలో ముందు ఎవరు కూర్చోవాలో ఆ ఇంటి పెద్దమ్మే చూసుకుంటుంది. మెహందీ అమ్మాయి ఎవరికీ చెడ్డ కానక్కర్లేదు.

ఇక బుకింగ్. పెళ్లి తేదీ ఎవరికి ముందు తెలుస్తుందో వాళ్ల దగ్గరికి వెళ్లడమే ఇందులో కిటుకు. ముహూర్తం పెట్టగానే పెళ్లివారు పరుగెత్తేది ఫంక్షన్ హాలుకు. ఆ తరువాత ఫొటోగ్రాఫర్‌కు. కానీ హాలు మేనేజరు దగ్గర తరచుగా తండ్రో, బాబాయో ఉంటారు. మెహందీ వాళ్ల తలలోనే ఉండదు. పెళ్లికూతురు తానే స్వయంగా వెళ్లి గంటలకొద్దీ కూర్చునే చోటు ఇంకోటుంది, మగ్గం వర్క్ దుకాణం. పెళ్లి బ్లౌజుకు మగ్గం మీద జర్దోసీ, పూసల పని చేయడానికి వారాలు పడుతుంది కాబట్టి నెలో రెండు నెలలో ముందే ఇస్తారు. బ్లౌజు ఏ రోజుకు కావాలో దుకాణంవాళ్లు రశీదు మీద రాసుకుంటారు. మెడ వెనక నెమలి వెయ్యాలా, పల్లకి వెయ్యాలా అని మాట్లాడుకుంటున్న ఆ నిమిషంలో “మెహందీ ఎవరితో పెట్టిస్తున్నారు?” అనే ప్రశ్న ఎంత సహజంగా వస్తుందో చెప్పక్కర్లేదు. బ్లౌజు మీది నెమలినే చేతి మీదా వేస్తానంటే పెళ్లికూతురి కళ్లు వెలుగుతాయి. ఊళ్లోని రెండు మూడు మగ్గం దుకాణాల్లో తన డిజైన్ల పుస్తకం పెట్టుకుని, తమ ద్వారా వచ్చిన ప్రతి పెళ్లికీ కొంత కమీషన్ ఇచ్చే అమ్మాయికి, సోషల్ మీడియాలో రోజూ రీల్స్ పెట్టే అమ్మాయి కంటే నెల ముందే పిలుపు అందుతుంది.

బ్యూటీ పార్లర్ రెండో దారి. అయితే అక్కడ పని మొత్తం పార్లర్ ప్యాకేజీలో కలిసిపోయి, మెహందీ అమ్మాయి మళ్లీ కూలీ మనిషిగా మిగిలే ప్రమాదం ఉంది. మొదటి ఏడాది చెయ్యి తిరగడానికి అది మంచిదే. రెండో ఏడాదికి సొంత నంబరు ఉండాలి.

రీల్స్ వద్దని కాదు. వీడియో చూసి పిలిచేవాళ్లలో దూరం నుంచి వచ్చేవాళ్లు ఎక్కువ. డల్లాస్ నుంచో, లండన్ నుంచో పెళ్లికి వచ్చే అమ్మాయి విమానం దిగేది ముహూర్తానికి వారం పది రోజుల ముందు. మగ్గం దుకాణం పని అప్పటికే అత్తో పిన్నో చూసేసి ఉంటారు. ఆమె మెహందీ మనిషిని అక్కడినుంచే ఫోన్‌లో వెతుక్కుంటుంది. అలాంటివాళ్లకు పెట్టిన వెంటనే తీసిన, నల్లటి ముద్ద మెరుస్తున్న ఫొటో కన్నా రెండో రోజు పండిన చేతి ఫొటో ఎక్కువ నమ్మకం ఇస్తుంది. ముద్ద ఎవరిదైనా నల్లగానే ఉంటుంది. పండటం అందరికీ ఒకలా రాదు. కాబట్టి పెళ్లి రోజు పొద్దున “మీ చేతులు కిటికీ దగ్గర వెలుతురులో ఒక ఫొటో తీసి పంపండమ్మా” అని పెళ్లికూతురి చెల్లెలికి ముందే చెప్పి రావాలి. పెళ్లికూతుర్ని అడిగితే లాభం లేదు, ఆ పొద్దున ఆమె ఫోన్ ఎక్కడుందో ఆమెకే తెలియదు.

ఫోన్ వచ్చిన రోజే సాయంత్రం ఖాయం కావాలంటే అడ్వాన్స్ పడాలి. “మీకే ఉంచుతాను అక్కా” అనే నోటిమాట మీద ఆపుకున్న సాయంత్రాలు చివరి వారంలో జారిపోతాయి. మూడో వంతు అడ్వాన్స్ తీసుకోవడం చాలాచోట్ల నడుస్తుంది. అడ్వాన్స్ అందగానే పెళ్లివారికి ఒక సందేశం వెళ్లాలి. అందులో ఏమేం ఉండాలో ఇలా చూడొచ్చు:

“నమస్తే అండీ. మీ అమ్మాయి పెళ్లి బుధవారం రాత్రి 2.15, తెల్లవారితే గురువారం. మెహందీ సోమవారం మధ్యాహ్నం 3 గంటలకు మీ ఇంట్లో. పెళ్లికూతురికి రెండు చేతులు మోచేతి దాకా, పాదాలు: 6,000. బంధువులకు ఇద్దరు అమ్మాయిలు 3 గంటలు: విడిగా 5,000. అడ్వాన్స్ 3,500 అందింది. మిగతాది పని కాగానే అదే రాత్రి. తేదీ మారితే, కొత్త తేదీకి మాకు ఖాళీ ఉంటే అడ్వాన్స్ దానికే సరిపెడతాం. పెళ్లివారు వద్దనుకుంటే అడ్వాన్స్ తిరిగి ఇవ్వలేం. నలుగు మెహందీకి ముందే అయ్యేలా చూడగలరు.”

తేదీ మారడం గురించిన మాట పొరపాటున కూడా వదిలేయకూడదు. పెళ్లి కుదిరాక ఇంట్లో ఎవరైనా పెద్దవాళ్లు పోతే మైల వస్తుంది, పెళ్లి వాయిదా పడుతుంది. ఆ ఇంటికి ఫోన్ చేసి డబ్బు సంగతి ఎత్తడం మనిషన్నవాళ్లకు చేతకాదు. ముందే రాసి ఉంటే ఎవరూ ఎవరినీ అడగాల్సిన పని ఉండదు.

మంచి ముహూర్తం వచ్చినప్పుడు ఒకే తేదీకి ముగ్గురు పెళ్లికూతుళ్లు అడుగుతారు. ముందు అడిగినవారికి రెండు రోజుల ముందు సాయంత్రం పూర్తి రేటుకు ఇవ్వాలి. రెండోవారికి అదే రోజు పొద్దున ఏడింటికి మొదలుపెట్టి పన్నెండుకు ముగించే వేళను కొంచెం తగ్గించి ఇవ్వొచ్చు. ముహూర్తం అర్ధరాత్రి దాటాక ఉన్న మూడోవారికి ముందు రోజు పొద్దున కూడా సరిపోతుంది, ఎందుకంటే అక్కడినుంచి ముహూర్తానికి నలభై గంటల దాకా ఉంటాయి. ముహూర్తం గంట తెలియని మనిషి మూడో పెళ్లిని కాదని పంపేస్తుంది. అయితే రెండు సాయంత్రాల మధ్య నిద్రకు చోటు వదలకుండా ఒప్పుకుంటే ఏమవుతుందో పైన చూశాం.

మౌఢ్యాల్లో, ఆషాఢంలో ఏంచేయాలన్నది మిగిలిన ప్రశ్న. హైదరాబాద్, కర్నూలు, గుంటూరు లాంటి ఊళ్లలో దీనికి జవాబు పక్క వీధిలోనే ఉంది. ముస్లింల పెళ్లిళ్లలో మెహందీ ఒక వేడుకే. వాళ్ల నెలలు చంద్రుడి లెక్కలో నడుస్తూ మన తేదీలతో చూస్తే ఏటా పదకొండు రోజులు ముందుకు జరుగుతాయి. మౌఢ్యం, అధికమాసం వాళ్లకు లేవు. రంజాన్‌లో, మొహర్రంలో పెళ్లిళ్లు పెట్టుకోరు, రంజాన్ అయిపోగానే షవ్వాల్‌లో వరసపెట్టి ఉంటాయి. రెండు పంచాంగాలూ గోడకు తగిలించుకున్న అమ్మాయికి ఏడాదిలో పూర్తిగా ఖాళీ నెల అంటూ దాదాపు ఉండదు. కాకపోతే అక్కడ అడిగే డిజైన్ వేరు. పెద్ద పెద్ద పువ్వులు, తీగలు, మధ్యలో ఖాళీ వదిలే అరబ్ పద్ధతి ఎక్కువ. నెమళ్లు, పల్లకీలు నేర్చుకున్న చేతికి ఆ ఖాళీ వదలడమే కష్టం. నేర్చుకోవడానికి కొన్నాళ్లు పడుతుంది.

ఆషాఢం మరీ పనిలేని నెల కాదు. పెళ్లిళ్లు లేకపోయినా అపార్టుమెంట్లలో, ఆఫీసుల్లో ఆషాఢం గోరింటాకు అంటూ ఒక సాయంత్రం పెట్టుకుంటారు. తలకు యాభై, వంద దాటని చిన్న పనులే. కానీ అక్కడికొచ్చే యాభైమంది ఆడవాళ్లలో ఇద్దరు ముగ్గురి ఇళ్లలో శ్రావణంలోనో, మాఘంలోనో పెళ్లి ఉంటుంది. అక్కడ పంచే కార్డు మీద ఫోన్ నంబరుతో పాటు రాబోయే ముహూర్తాలు వరసగా అచ్చువేసి, అప్పటికే నిండిపోయిన సాయంత్రాలను పెన్నుతో కొట్టేసి ఇచ్చే అమ్మాయిలు ఉన్నారు. ఆ కార్డు చూసిన తల్లులు మిగిలిన తేదీల్లో తమది ఉందో లేదో అక్కడికక్కడే వెతుక్కుంటారు. ఉంటే అడ్వాన్స్ ఆ సాయంత్రమే ఫోన్‌లో పడుతుంది.